గంజి ఒలికి చేయి కాలితే ఏం చేయాలి? ఏ గాయానికి ఆసుపత్రి కావాలి?

పోయిన మే నెలలో కావలిలో మా వదిన అన్నం వారుస్తుంటే మసిగుడ్డ జారింది. తపేలా మీది మూత పక్కకు తొలిగి, గంజి ఎడమ ముంజేతి మీద పడింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇరవై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేశాను కాబట్టి ఏం చేయాలో తెలుసు. అయినా ఆ రోజు మొదటి రెండు నిమిషాల్లో నేనూ ఒక తప్పు చేశాను. ఆ తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన ఎండాకాలంలో ఎవరైనా చేసే తప్పు అది.

వదిన చేయి పట్టుకుని నేరుగా సింకు కుళాయి కింద పెట్టాను. ఆమె కెవ్వుమంది. ఆ నీళ్లు మిద్దె మీద నల్ల ట్యాంకు నుంచి వస్తున్నాయి. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పైపులో నిలిచిన నీళ్లు స్నానానికి కాచినట్టు ఉన్నాయి. కాలిన చేతి మీద వేడినీళ్లు పోశానన్నమాట.

మొదటి పని: నీళ్లు, ఇరవై నిమిషాలు

కాలిన చోట చల్లటి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పోయాలి. ఏ మందుకన్నా ముందు చేయాల్సింది ఇదే. పొయ్యి మీద నుంచి దించిన తపేలా చాలాసేపు వేడిగా ఉన్నట్టే, చర్మం కింద చేరిన వేడి కూడా పైన తుడిచేస్తే పోదు. లోపలి పొరలను అది ఇంకా కాలుస్తూనే ఉంటుంది. ఆ వేడిని బయటికి లాగేది నీళ్లే. రెండు నిమిషాలు పోసి మంట తగ్గిందని ఆపేస్తే లాభం లేదు, గడియారం చూసుకోవాలి.

గంజి విషయంలో ఇంకో చిక్కుంది. మరిగే నీళ్లు పడితే చాలావరకు జారిపోతాయి. గంజి చిక్కగా ఉండి అంటుకుంటుంది, అంటుకున్న చోట వేడి వదలదు. చేపల పులుసైనా, అరిసెల పాకమైనా అంతే. పాకమూ నూనే మరీ ప్రమాదం, ఎందుకంటే వాటి వేడి మరిగే నీళ్ల వేడిని ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాబట్టి ముందు ఆ పదార్థం కొట్టుకుపోయేలా నీళ్లు పోయాలి. గుడ్డతో రుద్ది తీయకూడదు.

ఇక నీళ్లు ఎక్కడివి? ఎండాకాలం ట్యాంకు నీళ్లు వద్దు. తప్పనిసరైతే ముందు మీ చేతి మీద పోసి చూసుకోండి, పైపులోని వేడినీళ్లు పోయి చల్లబడేదాకా వదిలేయండి. బోరు ఉంటే మోటారు వేసి నేరుగా పట్టుకోవచ్చు. పొద్దున తొట్టిలో పట్టి నీడన ఉంచిన నీళ్లు బాగుంటాయి. తాగడానికి పెట్టుకున్న కుండ నీళ్లు పోసినా తప్పేం లేదు. మేం చివరికి తొట్టి నీళ్లతోనే కానిచ్చాం. నీళ్లకు కటకటగా ఉండే ఊళ్లలో, ఒంగోలు వైపు చాలామందికి ఇది తెలిసిన బాధే, కింద శుభ్రమైన బకెట్ పెట్టి పడిన నీళ్లనే మగ్గుతో మళ్లీ పోయవచ్చు. అవి గోరువెచ్చగా మారితే మార్చండి.

ఐసు పెట్టవద్దు. ఐసు రక్తనాళాలను బిగించేస్తుంది, అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందక గాయం ఇంకా లోతవుతుంది. ఫ్రిజ్ నీళ్లు ఉంటే మామూలు నీళ్లలో కలుపుకోండి.

ఆ గందరగోళంలో నీళ్లు పోయడం ఆలస్యమైందా? అయినా పోయండి. కాలిన మూడు గంటల లోపు పోసినా ఉపయోగం ఉంటుంది. పసిపిల్లలైతే గాయం మీద మాత్రమే నీళ్లు పోస్తూ, మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది.

నీళ్లు పోస్తూనే గాజులు తీసేయాలి

కాలిన చేయి కాసేపటికే వాస్తుంది. వాచాక గాజులు, ఉంగరం, వాచీ, చేతికి కట్టిన తాయెత్తు బిగుసుకుపోయి రక్తం ఆడనివ్వవు. ఉంగరాన్ని కత్తిరించి తీయాల్సి వచ్చిన సందర్భాలు చూశాను. వదిన చేతికి అరడజను మట్టిగాజులున్నాయి. సబ్బు నురగ పెట్టి మణికట్టు దాటించాం, ఒకటి పగలగొట్టాల్సి వచ్చింది. తడిసిన బట్ట ఒంటికి అంటుకోకపోతే తీసేయండి. అంటుకుని ఉంటే లాగకండి, దాని చుట్టూ కత్తిరించి ఆ ముక్కను అలాగే వదిలేయండి.

పసుపు డబ్బా పక్కన పెట్టండి

ఈలోపు వదిన వాళ్ల అత్తగారు పసుపు తెచ్చారు. పక్కింటామె టూత్‌పేస్ట్ తెచ్చింది. "ఏంది, నీళ్లు పోస్తే బొబ్బలు రావా?" అని పెద్దామె కోప్పడ్డారు కూడా. బొబ్బ నీళ్ల వల్ల రాదు, కాలడం వల్ల వస్తుంది. "అత్తా, ఇరవై నిమిషాలు ఆగండి, తర్వాత మీరే చూద్దురు" అన్నాను.

పేస్టు, వెన్న, నూనె, సిరా, ఇడ్లీపిండి, కాఫీపొడి ఏది పూసినా మేలు లేదు. జిడ్డువి వేడిని లోపలే ఆపేస్తాయి. మిగతావి గాయంలోకి మురికిని చేరుస్తాయి. పసుపుతో ఇంకో నష్టం ఉంది. కాలిన గాయం ఎంత లోతో డాక్టరు రంగు చూసి చెప్పాలి. పసుపు పులిమితే గులాబీ రంగో తెలుపో తెలియదు. అది తెలియాలంటే కడిగి గీకాలి, ఆ నొప్పి పడేది మళ్లీ మీరే. మందుల షాపులో ఇచ్చే తెల్లటి కాలిన గాయాల క్రీముకీ ఇదే మాట వర్తిస్తుంది. డాక్టరుకు చూపించాలనుకునే గాయానికి ముందే అది రాయకండి.

ఇరవై నిమిషాలు అయ్యాక

ఇప్పుడు గాయాన్ని వెలుతురులో చూడాలి. నేను చూసేవి నాలుగు: రంగు, నొప్పి, కొలత, చోటు.

ఎర్రగా ఉండి, మండుతూ, బొబ్బ లేకపోతే పైపొరే కాలింది. వారంలోపు అదే మానుతుంది. బొబ్బలు వచ్చి, కింద గులాబీ రంగులో చెమ్మగా ఉండి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే రెండో పొరదాకా వెళ్లింది. వేలితో మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడి వెంటనే ఎరుపు తిరిగొస్తే రక్తం ఆడుతున్నట్టు. ఇలాంటిది చిన్నదైతే సాధారణంగా రెండు వారాల్లో మానుతుంది.

జనం పొరబడేది నొప్పి దగ్గరే. నొప్పి లేదంటే తగ్గిపోయిందనుకుంటారు. చర్మం మైనంలా తెల్లగానో, గోధుమరంగులోనో, తోలులా గట్టిగానో మారి, నొక్కితే రంగు మారక, తాకినా తెలియకపోతే లోపలి నరాలు కూడా కాలిపోయాయని అర్థం. అది ఎంత చిన్నదైనా ఇంట్లో మానే గాయం కాదు.

కొలతకు గాయపడిన మనిషి అరచేయే ఆధారం. వేళ్లు దగ్గరికి చేర్చిన అరచేయి ఆ మనిషి ఒంట్లో సుమారు 1 శాతం. పిల్లవాడి గాయానికి పిల్లవాడి చేయే కొలవాలి, మీది కాదు. అంతకన్నా పెద్దదిగా బొబ్బలెక్కితే ఆసుపత్రికే.

వదినకు కాలింది అరచేతిలో సగమంత. గులాబీ రంగు, బాగా మంట, రేగుపండంత బొబ్బ ఒకటి, పక్కన రెండు చిన్నవి. మణికట్టు కీలు మీదికి రాలేదు. షుగరు లేదు. అందుకే ఇంట్లోనే ఉంచవచ్చని తేల్చుకున్నాను.

ఇంట్లో మానే గాయానికి

బొబ్బ చిదమకండి. లోపలి నీరు చీము కాదు, పైతోలు ఆ గాయానికి సొంత కట్టులాంటిది. శుభ్రమైన చేతులతో పలుచగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గాజు గుడ్డ పెట్టి, వదులుగా కట్టాలి. దూది వద్దు, పోగులు అతుక్కుంటాయి. నొప్పికి పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు. లివర్ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగాలి. చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. గత ఐదేళ్లలో టీటీ ఇంజెక్షన్ వేయించుకోకపోతే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

రోజూ కట్టు విప్పి, మామూలు సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, ఆరనిచ్చి మళ్లీ కట్టాలి. రెండోరోజు, మూడోరోజు తప్పకుండా రంగు చూడండి. కాలిన గాయం మొదటిరోజు కనిపించినంత తేలికగా ఉండకపోవచ్చు. రెండు మూడు రోజుల్లో లోతు పెరిగి, గులాబీ రంగు తెల్లబడవచ్చు. వదినకు నాలుగోరోజు పెద్ద బొబ్బ దానంతటదే పగిలింది. కింద గులాబీ రంగే ఉంది. కడిగి మళ్లీ కట్టాం. పన్నెండో రోజుకు కొత్త చర్మం వచ్చేసింది.

వీటికి ఆగకూడదు

ముఖం, మెడ, అరచేయి, వేళ్లు, పాదం, కీళ్లు, మర్మాంగాల మీద బొబ్బలు లేస్తే గాయం చిన్నదైనా చూపించాలి. ఈ చోట్ల మానేటప్పుడు చర్మం ముడుచుకుపోతే వేలు చాపలేరు, మెడ తిప్పలేరు. చేతినో కాలినో చుట్టూ కంకణంలా కాలినా ఆగకండి, వాపుతో రక్తం ఆగిపోతుంది. కరెంటు షాకు, యాసిడ్ లాంటి రసాయనాలు ఏవైనా సరే ఆసుపత్రికే. కరెంటు గాయం పైకి చుక్కంతే కనిపించి లోపల కండను, గుండెను దెబ్బతీసి ఉండవచ్చు. గ్యాస్ మంట ముఖానికి తగిలి గొంతు బొంగురుపోయినా, దగ్గులో మసి వచ్చినా వెంటనే 108 పిలవండి. కాసేపట్లో గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు.

ఐదేళ్లలోపు పిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, షుగరు ఉన్నవాళ్ల విషయంలో గీత ఇంకా కింద గీసుకోండి. పిల్లల చర్మం పలుచన, లోటాలోని టీ ఒలికినా లోతుగా కాలుతుంది. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే కాలిన సంగతే తెలియకపోవచ్చు. ఇంట్లో మానుతున్న గాయం నుంచి చీము, వాసన వచ్చినా, చుట్టూ ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, రెండు వారాలకూ మానకపోయినా చూపించాల్సిందే.

తీసుకెళ్లేటప్పుడు గాయం మీద వంటింట్లో వాడే పలుచని ప్లాస్టిక్ షీటు పొడవుగా పరవండి, చుట్టకండి. అది లేకపోతే ఉతికి ఇస్త్రీ చేసిన నూలు గుడ్డ చాలు. చేయైతే వాడని పాలిథీన్ కవరులో వదులుగా దూర్చవచ్చు. నెల్లూరు, ఒంగోలులో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, చిన్న ఊరైతే ముందు దగ్గరి కేంద్రంలో చూపించి వాళ్లు పంపిన చోటికి వెళ్లండి. ఎన్నింటికి కాలింది, ఏది పడింది, ఎంతసేపు నీళ్లు పోశారు, ఈ మూడూ అక్కడ మొదట అడుగుతారు.

వదిన ముంజేతి మీద కొత్త చర్మం కొన్ని నెలలు చుట్టుపక్కల కన్నా ముదురు రంగులో ఉంది. ఎండకు వెళ్లేటప్పుడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమన్నాను. గంజి వార్చడం మాత్రం ఆమె మానలేదు. మసిగుడ్డలు రెండు కొత్తవి కుట్టుకుంది, తొట్టిలో నీళ్లు పొద్దున్నే నింపుతోంది.