యూకేలో రిక్రూటర్‌కి మొదటి మెసేజ్: హైబ్రిడ్ సంగతి ఎలా అడగాలి?

వైజాగ్ నుంచి యూకే వెళ్లి, అక్కడ మాస్టర్స్ అవగొట్టి, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది. సీవీ ఎన్ని పేజీలుండాలి, లింక్డ్‌ఇన్‌లో ఏ ఫోటో పెట్టాలి లాంటివి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నా గోలంతా హైబ్రిడ్ గురించే, అంటే కొన్ని రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచి పని.

మా పిన్ని కొడుకుది గాజువాక. ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాడు. బర్మింగ్‌హామ్‌లో డేటా అనలిస్ట్ ఉద్యోగం చూసి, రిక్రూటర్‌కి పంపబోయే మెసేజ్ ముందుగా నాకు వాట్సాప్‌లో పెట్టాడు. ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలైంది. చదువు, ప్రాజెక్టులు అన్నీ అయ్యాక చివర్లో వరసగా ప్రశ్నలు: వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటుందా, టైమింగ్స్ ఏంటి, శనివారం సెలవేనా, డిసెంబర్‌లో ఇండియా వెళ్లి అక్కడి నుంచి పని చేయొచ్చా. చదివి ఒళ్లు మండింది. రిక్రూటర్ పేరు ప్రకటనలోనే ఉంది, ఆవిడ సర్ కాదు.

వాణ్ణి అని లాభం లేదు. రుషికొండ ఐటీ హిల్ మీద కంపెనీలకి ఫోన్ చేస్తే మనం అడిగేది అదే కదా: షిఫ్ట్ ఏంటి, క్యాబ్ ఉందా. జవాబు కూడా అలాగే సూటిగా వస్తుంది. యూకేలో ‘వర్క్ ఫ్రమ్ హోమ్ ఉందా’ అంటే ‘ఉంది, మాది హైబ్రిడ్’ అంటారు. అది అబద్ధం కాదు. కానీ ఆ మాటతో మీకు తెలిసింది ఏమీ లేదు. వారానికి ఒక రోజు ఆఫీసుకి వెళ్లినా హైబ్రిడే, నాలుగు రోజులు వెళ్లినా హైబ్రిడే.

నా సంగతి చెప్తాను. అక్కడికి వెళ్లిన కొత్తలో ఒక ఏజెన్సీ ఆవిడ ‘ఎక్కువగా ఇంటి నుంచే’ అంది. ఆ మాట మీద ఆఫీసుకి దూరంగా, చవగ్గా ఉన్న గది తీసుకున్నాను. ఆరు నెలల అగ్రిమెంటు. చేరాక మేనేజర్ మంగళ, బుధ, గురువారాలు టీమ్ మొత్తం ఆఫీసులో ఉండాల్సిందే అన్నాడు. చలికాలం, చీకట్లో బయల్దేరి చీకట్లో తిరిగి రావడం. మొదటి జీతాల్లో అద్దె పోగా మిగిలిందంతా రైలు టికెట్లకే. ఏజెన్సీ ఆవిడకి ఫోన్ చేస్తే ‘నాకు ఇచ్చిన కాగితంలో అలాగే ఉంది’ అంది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది, మెసేజ్ ఎవరికి పంపుతున్నారన్నది. ఏజెన్సీ రిక్రూటర్‌కి మామూలుగా మీరు చేరితేనే కమీషన్. ఆ టీమ్ ఎలా నడుస్తుందో తెలియకపోవచ్చు, కంపెనీ రాసిచ్చిన నాలుగు లైన్లే తెలుసు. కంపెనీ సొంత రిక్రూటర్‌కి కంపెనీ పాలసీ తెలుసు, మేనేజర్ అలవాటు తెలియకపోవచ్చు. ఇద్దరినీ అడగొచ్చు. కాకపోతే వాళ్లు జవాబు చెప్పగలిగిన ప్రశ్నే అడగండి.

మావాడి మెసేజ్ ఇద్దరం కలిసి ఇలా మార్చాం. ఇంగ్లీషులో పంపింది, అర్థం ఇది: ‘బర్మింగ్‌హామ్ డేటా అనలిస్ట్ పోస్టు గురించి రాస్తున్నాను. ఎస్‌క్యూఎల్, పవర్ బీఐలతో రిటైల్ డేటా మీద ప్రాజెక్టు చేశాను, సీవీ జతచేశాను. వచ్చే ఏడాది ఆగస్టు వరకు గ్రాడ్యుయేట్ వీసా ఉంది. లెస్టర్‌లో ఉంటున్నాను, బర్మింగ్‌హామ్ వచ్చి వెళ్లడానికి ఇబ్బంది లేదు. ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి రెండు విషయాలు అడుగుతున్నాను: ఈ టీమ్ వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి వస్తుంది, ఆ రోజులు ముందే ఖాయమా? ప్రకటనలో ఉన్న 37.5 గంటలు మామూలు పగటి వేళలేనా, లేక ముందస్తు కాల్స్, ఆన్‌కాల్ ఉంటాయా?’

అంతే. వస్తానని ముందు చెప్పి తర్వాత రోజులు అడిగితే, పని తప్పించుకోవడానికి అడిగినట్టు ఉండదు. ‘కంపెనీ పాలసీ ఏంటి’ అని కాకుండా ‘ఈ టీమ్’ అని అడిగాం, ఎందుకంటే పాలసీలో రెండు రోజులుండి టీమ్‌లో మూడు కావడం మామూలే. ‘ముందే ఖాయమా’ అన్న మాట మాత్రం వదలొద్దు. రోజులు ఖాయమైతే వాటికి తగ్గట్టు టికెట్లు చూసుకోవచ్చు. మేనేజర్ ఇష్టాన్ని బట్టి మారుతుంటే ఆ వెసులుబాటు ఉండదు.

గంటల ప్రశ్న దగ్గర మనవాళ్లు తికమకపడతారు. 37.5 అంటే ఉదాహరణకి తొమ్మిది నుంచి అయిదున్నర, మధ్యలో జీతం లేని గంట లంచ్. రోజుకి ఏడున్నర, అయిదు రోజులు. ‘టైమింగ్స్ ఏంటి’ అంటే ఇదే చెప్తారు. చెప్పనిది ఇంకోటి ఉంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో టీమ్ ఉంటే, అక్కడివాళ్లతో మాట్లాడే పని తిరిగి తిరిగి మన నెత్తినే పడుతుంది. లండన్‌లో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలం రెండున్నర. ఇక్కడివాళ్ల పగలు అయిపోకముందే మాట్లాడాలని లండన్ టైమ్ ఉదయం ఏడింటికో ఎనిమిదింటికో కాల్ పెడతారు. ముందస్తు కాల్స్ సంగతి అడిగించింది అందుకే.

వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో మాట తిరుగుతోంది: యూకేలో ఇంటి నుంచి పని చట్టబద్ధమైన హక్కు అని. కాదు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో 2024 ఏప్రిల్ 6న వచ్చింది, ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచే ఫ్లెక్సిబుల్ వర్కింగ్ కోసం, అంటే పని గంటలో చోటో మార్చమని దరఖాస్తు పెట్టుకునే హక్కు. యజమాని మామూలుగా రెండు నెలల్లో తేల్చాలి, చట్టంలో ఉన్న కారణాలు చూపించి కాదనొచ్చు. అడిగే హక్కు వచ్చింది, ఇచ్చి తీరాలని లేదు. పైగా అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకి. మొదటి మెసేజ్‌లో ఆ చట్టం పేరెత్తితే చదివేవాళ్లు ఏమనుకుంటారో మీరే ఆలోచించుకోండి. వైజాగ్ నుంచి నెల రోజులు పని చేస్తానన్న ముచ్చట కూడా అప్పుడు వద్దు. అందులో పన్నులు, డేటా భద్రత అని కంపెనీకి వేరే తలనొప్పులున్నాయి, రిక్రూటర్ తేల్చగలిగింది కాదు. ఆఫర్ వచ్చాక హెచ్‌ఆర్‌ని అడగండి.

మావాడికి జవాబు వచ్చింది: ‘మామూలుగా రెండు రోజులు, ఫ్లెక్సిబుల్’. వాడు సంబరపడ్డాడు. నేను పడలేదు. ఇలాంటి జవాబులో రోజుల పేర్లు లేకపోతే ఇంకా తేలనట్టే. ఫోన్లో మాట్లాడినప్పుడు ‘ఏ రెండు రోజులు, ఎవరు నిర్ణయిస్తారు’ అని అడిగించాను. మంగళ, గురువారాలట. మొదటి మూడు నెలలు ట్రైనింగ్‌కి మూడు రోజులట. చూశారా, ఆ మూడో రోజు మెసేజ్‌లో లేదు.

ఆఫర్ వస్తే కాంట్రాక్టులో పని చేసే చోటు, గంటలు, వారంలో ఏ రోజులు అన్నవి చూడండి. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో 2020 ఏప్రిల్ నుంచి ఇవి చేరిన రోజుకల్లా రాతపూర్వకంగా ఇవ్వాలి. అందులో బర్మింగ్‌హామ్ ఆఫీసు అని మాత్రమే ఉంటే, రెండు రోజుల ఏర్పాటు మారే అవకాశం ఉందని లెక్క. ఇంటి అగ్రిమెంటు అది చూశాకే.

ఇంతా చదివి ‘అడిగితే సీవీ పక్కన పడేస్తారేమో’ అని టెన్షన్ పడేవాళ్లు ఉంటారని తెలుసు. సరే, చెప్తాను: మామూలుగా పడేయరు. ఇవి రిక్రూటర్లకి రోజూ వచ్చే ప్రశ్నలే, మర్యాదగా రెండు ముక్కల్లో అడిగితే ప్రయాణం గురించి ఆలోచించాడనే అనుకుంటారు. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకో పోస్టు చూసుకోవడమే, ఆ రిక్రూటర్‌ని లింక్డ్‌ఇన్‌లోనూ ఫోన్లోనూ వెంటాడకండి. మావాడికి వచ్చే మంగళవారం ఇంటర్వ్యూ, ఆఫీసులోనే. టై కట్టుకోవాలా అని మళ్లీ మెసేజ్ పెట్టాడు. దానికి నేను జవాబివ్వలేదు.