ఫ్యాన్ మోత మధ్య లెక్కల క్లాసు: ట్యూషన్ టీచరుకు ఏ మైకు, ఏ కెమెరా?

మా వదిన కడపలో ఇంటి నుంచే పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా క్లాసు. పోయిన ఎండాకాలం పిల్లలది రోజూ ఒకటే మాట: "టీచర్, గాలి మోత వస్తాంది, మీరు చెప్పేది వినపడడంలేదు." ల్యాప్‌టాప్ మైకు మంచిది కాదనుకుని, స్టాండుతో వచ్చే పెద్ద కండెన్సర్ మైకు తెప్పించుకుంది. మోత తగ్గకపోగా ఇంకా పెరిగింది. "ఇంత దుడ్డు పెట్టి కొనింది ఇట్లయిందే" అని బాధపడుతూ నన్ను పిలిచింది. ఆ గదిలో ఒక్కొక్కటే ఎట్లా పట్టుకున్నామో ఆ వరుసలోనే రాస్తున్నాను.

సమస్య: మాట కన్నా ఫ్యాన్ మోతే గట్టిగా వినపడుతోంది

ముందు తేల్చుకోవాల్సింది, అసలు ఏ మైకు పనిచేస్తోందనేది. కొత్త మైకు పెట్టినా మీటింగ్ యాప్ పాత ల్యాప్‌టాప్ మైకునే పట్టుకుని ఉండడం చాలా మామూలు. యాప్‌లో మైకు స్థాయి చూపించే గీతను చూస్తూ, కొత్త మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీకండి. తర్వాత ల్యాప్‌టాప్ మైకు రంధ్రం దగ్గర గీకండి. గీత దేనికి ఎగిరితే అదే పనిచేస్తున్న మైకు. మా వదిన విషయంలో కొత్తదే పనిచేస్తోంది, కాబట్టి కారణం వేరే ఉంది.

రెండో పరీక్షకు `Sound Recorder` చాలు. ఫ్యాన్ ఆపి పది సెకన్లు ఊరికే కూర్చుని రికార్డు చేయండి. ఫ్యాన్ వేసి మళ్లీ పది సెకన్లు ఊరికే. ఆ తర్వాత ఫ్యాన్ కిందే రోజూ చెప్పే గొంతుతో ఒక లెక్క చెప్పండి. మూడూ ఇయర్‌ఫోన్స్‌లో వినండి. రెండో దానికీ మూడో దానికీ తేడా తక్కువగా ఉంటే మైకు నోటికి దూరంగా ఉన్నట్టు.

కారణం అక్కడే దొరికింది. మైకు ల్యాప్‌టాప్ వెనకాల ఉంది, వదిన నోటికి దాదాపు 60 సెంటీమీటర్ల దూరం. మాట చిన్నగా వస్తోందని ఆమె మైకు స్థాయిని పూర్తిగా పెంచేసింది. మాటతో పాటు ఫ్యాన్ మోత కూడా అంతే పెరిగింది. దూరం సగం చేసిన ప్రతిసారీ మైకుకు చేరే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 60 నుంచి 30కి, 30 నుంచి 15కి తెస్తే మొత్తం 12. ఫ్యాన్ మోత మాత్రం గదంతా నిండి ఉంటుంది కాబట్టి మైకు ఎక్కడున్నా దాదాపు అంతే ఉంటుంది. అందుకే మైకు ఖరీదు కన్నా నోటికి ఎంత దగ్గరగా ఉందనేదే ముఖ్యం.

ఆ కండెన్సర్ మైకునే 15 సెంటీమీటర్లకు తెచ్చి, స్థాయి తగ్గించి చూశాం. మోత బాగా తగ్గింది. కానీ వదిన నోటుబుక్కు మీదికి వంగి రాస్తూ చెబుతుంది, వంగినప్పుడల్లా మాట దూరమైపోయింది. పైగా గాజులు టేబుల్‌కు తగిలిన ప్రతిసారీ ఆ చప్పుడు స్టాండు గుండా మైకులోకి ఎక్కింది. స్టాండు కింద తువ్వాలు మడిచి పెడితే అది కొంత తగ్గింది. కదలకుండా కూర్చుని చెప్పేవాళ్లకు ఈ రకం మైకు సరిపోతుంది. రాస్తూ చెప్పేవాళ్లకు మైకు తలతో పాటు కదలాలి.

అందుకని రెండు దారులు. ఒకటి, కాలరు మైకు. గడ్డం కింద ఓ జానెడు దూరంలో తగిలించాలి. చీర కట్టుకునేవాళ్లు పైటకు పెడితే జరీ అంచు రాసుకుని గరగరమంటుంది. జాకెట్టు అంచుకు పెట్టి, పైట దాన్ని తాకకుండా పిన్ను పెట్టుకోవాలి. రెండోది, మైకు కొమ్మ ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్. ఫ్యాన్ ఆపలేని మన ఊళ్లలో నేను దీనికే ఓటేస్తాను. కొమ్మ కొసను నోటి మూలకు రెండు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు ఉంచాలి. నోటికి ఎదురుగా పెడితే "ప", "ఫ" అన్నప్పుడల్లా ఊపిరి తగిలి బుస్సుమంటుంది. పిల్లల గొంతు స్పీకర్లలోంచి మళ్లీ మైకులోకి దూరే బెడద కూడా దీంతో పోతుంది. వదిన చివరికి ఇదే ఉంచుకుంది.

యాప్‌లోని నాయిస్ తగ్గించే ఆప్షన్ ఫ్యాన్ లాంటి ఒకే తీరు మోతను బాగానే తీసేస్తుంది. అయితే మాట, మోత దాదాపు సమానంగా ఉంటే మాటల చివరలు కూడా మింగేస్తుంది. "మైనస్ రెండు"లో "మైనస్" పోతే లెక్కే తప్పుతుంది. కాబట్టి ముందు మైకు దగ్గరకు తెచ్చి, ఆ తర్వాతే దాన్ని వాడండి.

సమస్య: బావిలోంచి మాట్లాడినట్టు ఉంది

కింద నున్నటి కడప బండలు, చుట్టూ ఖాళీ గోడలు. మాట వాటికి తగిలి తిరిగొచ్చి మైకులో పడుతుంది. చప్పట్లు కొడితే గది ఖంగుమంటుంది, అదే గుర్తు. కూర్చునే చోట కింద ఒక బొంత పరిచి, ఎదురు గోడకు మందపాటి దుప్పటి వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇది గది ప్రతిధ్వనికే మందు, ఫ్యాన్ మోతకు కాదు.

సమస్య: ముఖం మసక, చేయి కదిపితే చారలు

వదిన కొత్త కెమెరా కూడా కొనబోతుంటే ఆపాను. ముందు టేబుల్ లైటును ముఖానికి ఎదురుగా ఉన్న తెల్లగోడ మీదికి తిప్పి చూడండి. చిత్రం తేటపడితే లోపం వెలుతురుది. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తీస్తుంది, అందుకే చేయి చెదిరిపోతుంది. సిగ్నల్‌ను కృత్రిమంగా పెంచుతుంది, అందుకే రవ్వరవ్వగా కనిపిస్తుంది. వదినకు ట్యూబులైటు వీపు వెనక ఉండేది. కుర్చీ అటు తిప్పి, లైటుకు ఎదురుగా కూర్చోబెట్టాం. అంతే.

చిత్రం మీద అడ్డంగా పట్టీలు జారుతుంటే కెమెరా సెట్టింగుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీని `60 Hz` నుంచి `50 Hz`కి మార్చాలి. మన కరెంటు 50.

కెమెరా కొనాల్సే వస్తే 1080పి చాలు. గ్రూపు క్లాసులో యాప్ చిత్రాన్ని ఎలాగూ కుదించే పంపుతుంది కాబట్టి 4కే కోసం డబ్బు పోయకండి. నోటుబుక్కు కెమెరాకు దగ్గరగా చూపించే అలవాటుంటే మాత్రం ఆటోఫోకస్ ఉన్నదే తీసుకోండి. ఫోకస్ మారని చవక కెమెరాల్లో జానెడు దూరంలోని అక్షరాలు అలికినట్టే ఉంటాయి. షాపులోనే ఒక పుస్తకం పెట్టి చూపించమనండి.

సమస్య: కొన్నాక మా కంప్యూటరుకు పనిచేయడంలేదు

కాలరు మైకు పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడుంటే అది ఫోనుకు, ఒకే రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌కు చేసింది. మైకుకు, స్పీకరుకు వేరువేరు రంధ్రాలున్న పాత డెస్క్‌టాప్‌లో నేరుగా గుచ్చితే సాధారణంగా మాట రాదు, మధ్యలో రెండుగా చీలే కన్వర్టరు పెట్టాలి. యూఎస్‌బీ మైకులకు ఈ తిప్పలు లేవు.

విండోస్ 11లో అన్నీ సరిగ్గా ఉన్నా మైకు మూగగా ఉంటే `Settings`లో `Privacy & security`, అందులో `Microphone` తెరిచి అనుమతి ఆన్‌లో ఉందో లేదో చూడండి. కెమెరాకూ పక్కనే `Camera` ఉంటుంది. వెబ్‌క్యామ్ మధ్యమధ్యలో ఆగిపోతుంటే మౌసు, పెన్‌డ్రైవు అన్నీ గుచ్చిన హబ్‌లోంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.