దూరంగా ఉన్నా ఒకే సినిమా – పాఠం 3: ఎవరి టీవీ వెనకబడింది?

వేర్వేరు ఇళ్లలో ఉన్నవాళ్లు ఒకే సినిమాను ఒకేసారి చూడటమే వాచ్ పార్టీ. పోయిన పాఠంలో యాప్‌లోని బటన్‌తో ఆ పార్టీ మొదలుపెట్టడం, లింకు పంపి స్నేహితుల్ని చేర్చుకోవడం చూశాం. అందరూ చేరాక కూడా ఒకరు ముందు, ఒకరు వెనక అయిపోతుంటారు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో కనిపెట్టి సరిచేయడమే ఈ వారం పని.

వాచ్ పార్టీలో మీ టీవీలోని బొమ్మ స్నేహితుడి ఇంటికి వెళ్లదు. ఒకే కాలువ నుంచి ఎవరి బోదెలోకి వాళ్లు నీళ్లు పెట్టుకున్నట్టు, ఎవరి టీవీ వాళ్ల ఖాతాతో, వాళ్ల నెట్ మీద సినిమా తెచ్చుకుంటుంది. పార్టీ మోసుకెళ్లేది ‘ఆడించు’, ‘ఆపు’, ‘ఇన్నో నిమిషం దగ్గర ఉన్నాం’ అన్న చిన్న సందేశాలనే. అందుకే చందా అందరికీ విడివిడిగా ఉండాలి. ఒకరి నెట్ నెమ్మదిస్తే కొన్ని యాప్‌లలో పార్టీ మొత్తం ఆగుతుంది, కొన్నిటిలో ఆ ఒక్కరే వెనకబడతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు రాజోలులో, ఒక స్నేహితుడు హైదరాబాద్‌లో, ఇంకొకడు డల్లాస్‌లో. చలికాలంలో అక్కడ శనివారం రాత్రి 8 అంటే మనకు ఆదివారం ఉదయం 7:30. (వాళ్లు మార్చిలో గడియారం ముందుకు జరిపాక 6:30 అవుతుంది, ఆ వారం గుర్తుపెట్టుకోండి.) సినిమా టీవీలో, మాటలు ఫోన్ కాల్‌లో. అరగంట గడిచేలోపే డల్లాస్ వాడు, “ఒరే, మీ దగ్గరి డైలాగూ నా దగ్గరిదీ కలవట్లేదురా” అంటాడు.

వెంటనే రిమోట్ పట్టుకోకండి. కాల్‌లో వినిపించే టీవీ శబ్దాన్ని బట్టి తేడా తేల్చలేం. మీ టీవీ శబ్దం మీ ఫోన్ మైకులో దూరి, కాల్ మీదుగా అతన్ని చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. రెండు టీవీలు సరిగ్గా కలిసి నడుస్తున్నా అతనికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ముందు అందరూ మైకు మ్యూట్ చేయండి, మాట్లాడేటప్పుడే తీయండి. చాలాసార్లు ఫిర్యాదు ఇక్కడితోనే తీరిపోతుంది.

అప్పటికీ తేడా ఉందనిపిస్తే కాల్‌లో “ఆపండి” అని, ముగ్గురూ ఒక్కసారే ఎవరి రిమోట్ వాళ్లు నొక్కి, తెర మీది సమయం చదవండి. రాజోలులో 24:10, హైదరాబాద్‌లో 24:10, డల్లాస్‌లో 24:03 అనుకుందాం. డల్లాస్ 7 సెకన్లు వెనక. ఇప్పుడు అతను ముందుకు దూకకూడదు. రిమోట్ ఒక్క నొక్కుకు 10 సెకన్లు దూకే యాప్‌లో 7 సెకన్లు సరిగ్గా కుదరవు, పైగా దూకిన చోట టీవీ సినిమాను మళ్లీ తెచ్చుకోవాలి, మళ్లీ చక్రం తిరుగుతుంది. ముందున్న మీరిద్దరే ఆగండి. అతను ప్లే నొక్కి, తెర మీద 24:10 రాగానే “ఇప్పుడు” అంటాడు, మీరూ నొక్కుతారు. పార్టీ బటన్ లేకుండా చూసేటప్పుడూ ఇదే పద్ధతి. పార్టీలోనే ఉంటే ఒకరి రిమోట్ అందరినీ కదిపేస్తుంది కాబట్టి, వెనకబడ్డవాడు బయటికెళ్లి మళ్లీ చేరడమే సులువు.

సమయం ఒకటే అయి సీను వేరైతే నెట్‌ను తిట్టకండి. కాపీలే వేరు. ఇక్కడి కాపీ 2:41, అక్కడిది 2:38 అయితే మధ్యలో ఎక్కడో 3 నిమిషాలు పోయాయి. మొదలుపెట్టేముందే మొత్తం నిడివి అడిగి సరిచూసుకోండి. మన సినిమాలకు ఇది మరీ అవసరం, ఇక్కడ ఒక యాప్‌లో ఉన్న సినిమా అమెరికాలో వేరే యాప్‌లో ఉండొచ్చు, అప్పుడు పార్టీ లింకు ఎలాగూ పనిచేయదు. ప్రకటనలు వచ్చే ప్లాన్ ఒకరికే ఉన్నా జత చెడుతుంది, ప్రతి ప్రకటన తర్వాతా సమయం చదువుకోవాల్సిందే.

ఒకే ఇల్లు పదేపదే వెనకబడుతుంటే అక్కడ 4కె తగ్గించి హెచ్‌డీ పెట్టుకోమనండి. హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు సరిపోతాయి, 4కెకి 15 దాకా కావాలి. మన వైపు ఇంకోటి చూడాలి: చాలా ఇళ్లలో టీవీ ఇన్వర్టర్ మీద ఉంటుంది, రౌటర్ ఉండదు. గాలివానకు కరెంటు పోతే బొమ్మ కాసేపు నడిచి ఆగుతుంది. రౌటర్ ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైనులోకి మార్చండి.

పార్టీ బటన్‌నే నమ్ముకుని కూర్చోవద్దని ఎందుకంటున్నానంటే, సంస్థలు దాన్ని తీసేస్తుంటాయి. డిస్నీ ప్లస్ 2020లో తెచ్చిన గ్రూప్‌వాచ్ అనే పార్టీ బటన్ 2023లో పోయింది. ఫేస్‌టైమ్ కాల్‌లో ఉంటూనే కలిసి చూసే ఆపిల్ షేర్‌ప్లే బాగానే పనిచేస్తుంది గానీ, ఆండ్రాయిడ్ వాళ్లు లింకుతో ఫేస్‌టైమ్ కాల్‌లోకి రాగలరు తప్ప సినిమాలో చేరలేరు. సమయం చదివి కలుపుకునే పద్ధతికి ఏ బటనూ అక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: ఒక స్నేహితుడితో పార్టీ బటన్ లేకుండా ఏదైనా సినిమా పదిహేను నిమిషాలు చూడండి. కావాలనే ఒకరు 12 సెకన్లు ఆగి, మళ్లీ నడపండి. సమయం చదివి, ముందున్నవారు ఆగి జత కలపండి. వచ్చే పాఠంలో బ్లూటూత్ స్పీకరు వల్ల పెదవుల కదలికకూ మాటకూ మధ్య వచ్చే తేడా చూద్దాం.