డ్రాయింగ్ ఫైలు తెరుచుకోకపోతే మొదటి ఆరు అక్షరాలు చూడండి
చీమకుర్తిలో గ్రానైట్ పలక కోయించడానికి ఇచ్చిన డీడబ్ల్యూజీ ఫైలు అక్కడి కంప్యూటరులో తెరుచుకోకపోతే, అది పాడైందని తీర్మానించే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడాలి (అక్కడ సేవ్ మాత్రం చేయకూడదు, చేస్తే నిజంగానే పాడవుతుంది). తెర నిండా అర్థంకాని గుర్తులే ఉన్నా, మొట్టమొదటి ఆరు అక్షరాలు చదవడానికి వీలుగా ఉంటాయి. `AC1015` అయితే ఆటోక్యాడ్ 2000 నాటి రూపం, `AC1032` అయితే 2018 నాటిది. పాత ఆటోక్యాడ్ తనకంటే కొత్త రూపాన్ని చదవలేదు.

అప్పుడు గీసినవారినే `SAVEAS` ఇచ్చి, ఆర్12 అనే పాత రూపపు డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా పంపమని అడగడం మేలు. అది మామూలు అక్షరాల్లో ఉండే ఫైలు కనుక కోత మిషన్ల సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని చదువుతాయి. అయితే ఆ రూపంలో స్ప్లైన్ అనే నునుపైన వంపు గీత, దీర్ఘవృత్తం లేవు కాబట్టి, కోడిగుడ్డు ఆకారపు సింకు రంధ్రం చిన్న చిన్న ముక్కలు అతికిన గీతగా మారుతుంది. దాన్ని పెద్దదిగా చేసి ఒకసారి పరిశీలించాలి. కొలమానం ఏదన్నదీ ఆ ఫైలులో నమోదు కాదు. 600 మిల్లీమీటర్ల అంచును తెరపై కొలిచినప్పుడు 23.62 అని వస్తే, బొమ్మను అంగుళాల్లో గీశారని గ్రహించి, కోతకు ముందే 25.4 రెట్లు పెంచాలి.