పాత కంప్యూటర్ కేసు ముందుభాగానికి టైప్-సి పోర్టు పెట్టే ముందు చూసుకోవలసినవి

పండగ ఆఫర్లలో కొత్త మదర్‌బోర్డు కొని పాత కేసులోనే బిగించేవాళ్లు, ముందుభాగానికి టైప్-సి ప్యానెల్ ఆర్డర్ చేసే ముందు ఇవి చూడండి.

- కేసు ముందున్న పోర్టుల నుంచి బోర్డుకి వచ్చే 19 పిన్నుల యూఎస్‌బీ 3 ప్లగ్గును బలవంతంగా నొక్కకండి, ఊపుతూ లాగకండి. పిన్ను వంగడమే కాదు, అది కూర్చునే సాకెట్, అంటే హెడర్, మొత్తం బోర్డు నుంచి ఊడి రావచ్చు. గాడి ఏ వైపుందో చూసి, నిటారుగా పెట్టండి.

- బోర్డు మీద టైప్-ఇ హెడర్ ఉందా? చుట్టూ లోహపు గోడ ఉన్న చిన్న సాకెట్ అది. బోర్డు వెనక టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన లోపల ఇది ఉంటుందని కాదు. మాన్యువల్‌లో బొమ్మ చూడండి.

- అది లేకపోతే 19 పిన్నుల నుంచి టైప్-ఇకి మార్చే అడాప్టర్ దొరుకుతుంది. పోర్టు పనిచేస్తుంది కానీ వేగం 5 జీబీపీఎస్ దాటదు, ప్యాకెట్ మీద 10 అని రాసినా సరే. ఫోన్, పెన్‌డ్రైవ్‌లకు ఇది చాలు. పైగా ఉన్న ఒకే 19 పిన్నుల హెడర్ దీనికి పోతే, కేసు ముందున్న పాత యూఎస్‌బీ 3 పోర్టులు ఆగిపోతాయి.

- పాత కేసులో డీవీడీ డ్రైవ్ పెట్టే 5.25 అంగుళాల ఖాళీ ఉంటే, దాంట్లో బిగించే ప్యానెల్ కొనండి. కేసుకి రంధ్రం చెయ్యక్కర్లేదు.

- కేబుల్ దారి టేపుతో కొలవండి. టైప్-ఇ కేబుల్ మందంగా, బిరుసుగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గర మడిస్తే సాకెట్ మీద బరువు పడుతుంది.

బిగించాక యూఎస్‌బీ 3 ఎస్‌ఎస్‌డీ పెట్టి లినక్స్‌లో ఇది చూడండి:

```
lsusb -t
```

ఎస్‌ఎస్‌డీ ఉన్న వరుసలో 5000M లేదా 10000M రావాలి. 480M వస్తే ముందు వేరే కేబుల్‌తో చూడండి. అప్పటికీ మారకపోతే ప్లగ్గు సరిగా కూర్చోలేదేమో చూడాలి.