ఫొటోలో బంతి దండ ముద్దగా వస్తుందా? రంగు, దారం, తాజాదనం: సమస్య - పరిష్కారం

బతుకమ్మ, దసరా రోజుల్లో వరంగల్, హన్మకొండ పూల దుకాణాలకు వాట్సాప్ ఫొటో చూసి కూడా ఆర్డర్లు వస్తాయి. ఆ ఫొటోల్లో ఎక్కువగా పాడయ్యేది బంతి దండ. మల్లె, గులాబీ కొంత నయం. అందుకే ఇక్కడ బంతి గురించే ఎక్కువ చెబుతాను.

సమస్య: రేకలు విడివిడిగా కనబడవు, నారింజ ముద్ద ఒకటే కనిపిస్తుంది

ఫొటోను పెద్దది చేసి ఒక పువ్వును చూడండి. రేకల అంచులు, మడతల మధ్య నీడలు కనబడకపోతే ఫోకస్‌ను అనుమానించే ముందు వెలుగును చూడాలి. కెమెరా ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా రాసుకుంటుంది. ఒక్కో పాలు 255 దాకానే వెళ్తుంది. నారింజ బంతిలో నీలం దాదాపు ఉండదు, ఆకుపచ్చ ఒక మోస్తరు, మిగిలిందంతా ఎరుపే. కెమెరా మొత్తం వెలుగును అంచనా వేసుకుని ‘ఇంకా చాలదు’ అనుకునేసరికి ఎరుపు 255 తాకేసి ఉంటుంది. అప్పుడు రేక పైభాగానికీ మడతకూ ఎరుపు ఒకే అంకె పడుతుంది, మడత మాయమవుతుంది. ఇంకా వెలుగు పెంచితే ఆకుపచ్చ మాత్రమే పెరుగుతుంది కాబట్టి నారింజ బంతి పసుపు బంతిలా మారుతుంది. పసుపు దండ అనుకుని ఆర్డర్ ఇచ్చినవాళ్లకు నారింజ దండ చేరితే గొడవ మొదలయ్యేది ఇక్కడే.

పరిష్కారం ఫొటో తీసేటప్పుడే చేయాలి. పువ్వు మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. అంకెలు చూపించే ఫోనైతే -0.7 నుంచి -1 మధ్య పెట్టండి. ఫొటో కొంచెం చీకటిగా అనిపించినా ఫరవాలేదు, దాన్ని తర్వాత ఎడిటింగ్‌లో లేపవచ్చు. 255 దాటి పోయిన మడత మాత్రం మామూలు ఫొటోలో ఎంత దిద్దినా తిరిగి రాదు. రంగులు తనంతట తానే పెంచే సెట్టింగ్ ఉంటే ఆపేయండి.

దండ కింద పరిచే బట్టను కూడా చూసుకోవాలి. నల్ల మఖ్మల్ మీద పెడితే కెమెరా చీకటి ఎక్కువుందని వెలుగు పెంచుతుంది, ఎరుపు ఇంకా త్వరగా నిండిపోతుంది. బూడిద రంగు నూలు బట్ట బంతికి బాగా కుదురుతుంది.

సమస్య: ఒకే దండలో రెండు రంగులు

ఒకే బుట్టలో పూలు కూడా లేత నారింజ నుంచి ముదురు దాకా ఉంటాయి. ఆ తేడా సహజం, దాన్ని చెరపకూడదు. కానీ అది పువ్వుదా, వెలుగుదా అన్నది ముందు తేల్చుకోవాలి. దండ గుచ్చకముందే పూలను వరుసగా పేర్చి, రెండు చివర్ల నుంచి చెరో పువ్వు తీసి, స్థానాలు మార్చి మళ్లీ ఫొటో తీయండి. రంగు పువ్వుతో పాటే వెళ్తే అది పువ్వు రంగే. రంగు అక్కడే ఉండిపోతే తప్పు వెలుగుది.

హన్మకొండలోని ఒక దుకాణాన్ని ఊహించుకోండి. షట్టర్ వైపు పగటి వెలుగు, లోపల పసుపు ఎల్‌ఈడీ బల్బు, మధ్యలో ఐదడుగుల దండ. షట్టర్ వైపు పూలు నీలి ఛాయతో, లోపలివి పసుపు ఛాయతో వస్తాయి. తెలుపును తెలుపుగా చూపేలా కెమెరా చేసే సర్దుబాటే వైట్ బ్యాలెన్స్, ఈ రెండు వెలుగులకూ ఒకేసారి సరిపోయేది ఉండదు. బల్బు ఆర్పేసి, దండను షట్టర్‌కు సమాంతరంగా, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. నీడ పడే వైపు తెల్ల థర్మకోల్ షీటు నిలబెడితే వెలుగు తిరిగి వస్తుంది.

సమస్య: దారం కనబడదు

బంతిని సూదితో గుచ్చుతారు. దారం తొడిమ గుండా లోపలికి పోతుంది కాబట్టి ముందు నుంచి కనబడకపోవడమే సరి. పనితనం చూపాలంటే దండను ఒకచోట కొద్దిగా వంచండి, పూల మధ్య సందు తెరుచుకుని దారం, తొడిమల వరుస కనిపిస్తాయి. చివరి ముడిని వేరే ఫొటో తీయండి. మల్లె అలా కాదు, దాన్ని కడతారు. కాడలు ఎదురెదురుగా పెట్టి దారం చుట్టి బిగించిన వరుస వెనక వైపు ఉంటుంది. మూర దండను తిప్పి, వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి తీస్తే ఒక్కో చుట్టునూ లెక్కపెట్టొచ్చు. ఫోన్ మరీ దగ్గరకు తీసుకెళ్తే ముందు పువ్వు ఒక్కటే స్పష్టంగా వస్తుంది. కొంచెం వెనక్కి జరిగి రెండింతల లెన్సు వాడండి.

సమస్య: తాజా పూలే అయినా వాడినట్టు కనిపిస్తాయి

చాలామంది వెంటనే నీళ్లు చల్లుతారు. బంతి మీద చుక్కలు తెల్లగా మెరిసి రేకలను కప్పేస్తాయి. తడిసిన మల్లె రేక పారదర్శకంగా మారి మచ్చలా కనిపిస్తుంది. చల్లాలనిపిస్తే పొడిగా ఉన్నప్పటి ఫొటోలు అయ్యాకే చల్లండి. కొనేవాళ్లు చూసేది రేక అంచు, తొడిమ పచ్చదనం. ఆ రెండూ ఫ్రేములో ఉండాలి. మల్లె మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి, కాబట్టి మొగ్గ దండ ఫొటో అంతకుముందే తీయాలి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో కుదించబడదు. పంపే ముందు పక్కన అసలు దండ పెట్టుకుని వేరే ఫోన్‌లో ఒకసారి చూడండి. మీ ఫోన్ తెర రంగులను ‘వివిడ్’లో చూపిస్తుంటే, ఎదుటివాళ్లకు అదే నారింజ అంత ముదురుగా కనబడదు.