సోలార్ హీటర్ గాజు కొనేముందు అంచు చూడండి

అంచు ముదురు ఆకుపచ్చగా ఉంటే అందులో ఇనుము ఎక్కువ; అది ఎండను కొంత మింగేస్తుంది. తెల్లటి అంచు గాజు దాదాపు 90% ఎండను లోపలికి వదులుతుంది. లోపల వేడెక్కిన నల్ల ప్లేటు వెదజల్లే వేడి కిరణాలను, అంటే దీర్ఘతరంగాలను మాత్రం ఏ గాజైనా బయటికి పోనివ్వదు. అద్దంలా తిప్పికొట్టదు, తానే పీల్చుకుని వేడెక్కి, కొంత వెనక్కి పంపుతుంది. పల్చటి పాలిథీన్ షీటు వీటిని చాలావరకు వదిలేస్తుంది, అందుకే గాజుకు బదులు పనికిరాదు.

చదరపు మీటరుకు లెక్క, ఎండ 800 వాట్లు, ప్లేటు 70°, గాలి 30° అనుకుంటే:

```
800×0.90×0.95 = 684
నష్టం 8×(70−30) = 320
నీటికి 364 వాట్లు
```

ఇక్కడ 0.95 ప్లేటు శోషణ, 8 మొత్తం నష్ట గుణకం, అంటే ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు నుంచి పోయే వాట్లు. ఆకుపచ్చ గాజుకు 0.90 బదులు 0.82 వేస్తే నీటికి మిగిలేది 303 వాట్లే. నష్టం తగ్గాలంటే ప్లేటుకూ గాజుకూ మధ్య సుమారు 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, అంచులు గాలి చొరబడకుండా మూసేయండి.